ఆదివారం బరంపురంలో మొదటి కలయిక: చెల్లికి ప్లాన్

చెల్లీ, ఆ అబ్బాయిని ఆదివారం మొదటిసారి కలుస్తున్నావు కదా. అప్పా నేనూ కూర్చుని ఇది రాశాం. వాట్సాప్‌లో స్టార్ పెట్టి ఉంచుకో.

ముందు చోటు సంగతి. అతను గోపాల్‌పూర్ బీచ్ అన్నాడు, మొదటిసారికి అది వద్దు. బరంపురానికి దాదాపు 16 కిలోమీటర్లు. నవంబరులో 5:15 కల్లా పొద్దు గూకుతుంది. చీకటి పడ్డాక తిరిగి రావడానికి అతని బండే దిక్కవుతుంది. అందుకని గాంధీనగర్‌లో మెయిన్ రోడ్డు మీద, కింది అంతస్తులో ఉన్న కాఫీ షాపు చూశాం. "నాకు ఆదివారం 3 నుంచి 4:45 వరకే వీలు, గాంధీనగర్‌లో కలుద్దాం" అని ఈ రోజే చెప్పు. టైము ముందే చెప్పేస్తే లేచేటప్పుడు సాకు వెతుక్కోనక్కర్లేదు. చోటు మార్చమని పదేపదే పట్టుబడితే కలవడం మానెయ్. మంచివాడైతే ఒక్క మాటకే సరే అంటాడు.

శనివారం ఒకసారి వీడియో కాల్ చెయ్, రెండు నిమిషాలు చాలు. ఫొటోలో ఉన్న మనిషీ మాట్లాడే మనిషీ ఒకరేనా అన్నది తేలాలి. అతని పేరు, నంబరు, ప్రొఫైల్ స్క్రీన్‌షాట్, కాఫీ షాపు మ్యాపు లింకు అప్పకి పంపు. నువ్వు ఏ వీధిలో అద్దెకుంటున్నావో, ఏ షిఫ్టులో పనిచేస్తావో అతనికి చెప్పకు.

వెళ్లేటప్పుడు మన వీధి చివర ఆటో ఎక్కు. ఎక్కేముందు నంబరు ప్లేటు ఫొటో తీసి అప్పకి పంపు. అతను వచ్చి ఎక్కించుకుంటానంటే వద్దను. 2:50కే చేరి, కౌంటరుకి కనబడే టేబుల్ దగ్గర, తలుపు వైపు ముఖం పెట్టి కూర్చో. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 15 నిమిషాలు, 1 గంట, 8 గంటలు అని మూడు రకాలు ఉంటాయి. నువ్వు 8 గంటలది పెట్టు. గంటది పెడితే 4 కాకముందే ఆగిపోతుంది, ఎందుకు ఆగిందో మాకు తెలియదు. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే లొకేషన్ నిలిచిపోవచ్చు, దాన్ని ఆఫ్ చెయ్. ఫుల్ ఛార్జింగ్ పెట్టుకో, పవర్ బ్యాంకు తీసుకెళ్లు. డేటా అయిపోతే మామూలు మెసేజ్ చాలు.

తాగేది నీ ఎదుటే తెచ్చి పెట్టాలి. బాత్రూంకి వెళ్లొస్తే పాత గ్లాసు ముట్టకు, కొత్తది తెప్పించుకో. తల తిరిగినట్టుంటే అతనితో బయటికి రావద్దు. నేరుగా కౌంటరుకి వెళ్లి "మొతె సాహాజ్య కరంతు" అను, ఒడియాలో నాకు సాయం చెయ్యండి అని. సిగ్గుపడకు. ఆ మాట వింటే ఒడియావాళ్లు కదులుతారు, బరంపురంలో తెలుగు తెలిసినవాళ్లూ ఒకరిద్దరు ఉండనే ఉంటారు. అప్పకి ఫోన్ చేయించు, మేము ఎంకేసీజీ ఆసుపత్రికి తీసుకెళ్తాం. మత్తుమందు ఒంట్లో ఎక్కువసేపు నిలవదు, కాబట్టి పరీక్ష ఆలస్యం చెయ్యకూడదు.

3:30కి "బాగానే ఉన్నాను" అని పంపు. "బియ్యం కడిగావా?" అని పంపితే అప్ప వెంటనే ఫోన్ చేసి "పాప పడిపోయింది, రా" అంటుంది. అప్పుడు లేచి వచ్చెయ్. "బియ్యం అయిపోయాయి" అని వస్తే మేమే బయల్దేరి వస్తాం. 3:40 దాకా కబురు లేకపోతే రెండుసార్లు ఫోన్ చేస్తాం. ఎత్తకపోతే షాపుకి ఫోన్, అక్కడా తెలియకపోతే 112. ఇందులో మొహమాటానికి చోటు లేదు.

బిల్లు నీ వాటా నగదుగా ఇవ్వు. 500 రూపాయలు 100, 50 నోట్లుగా పర్సులో పెట్టుకో. యూపీఐ చేస్తే నీ పూర్తి పేరు అతనికి కనిపిస్తుంది. వేరే జేబులో ఇంకో 200 ఆటోకి దాచు.

4:45కి లే. అతను ఇంటిదాకా దింపుతానంటే "అప్ప రోడ్డు మీద నిలబడి ఉంది" అను. నిజంగానే ఉంటుంది: షాపు ఎదురుగా మందుల దుకాణం దగ్గర. ఇద్దరూ ఒకే ఆటోలో రండి. వెనక ఏదైనా బండి వస్తున్నట్టు అనిపిస్తే ఇంటికి రావద్దు, పోలీసు స్టేషను ముందు దిగిపోండి. లోపలికి వచ్చి తలుపు గడియ వేశాకే లైవ్ లొకేషన్ ఆపు.

తర్వాత అతను బెదిరించినా, ఫొటోలు బయటపెడతానన్నా, డబ్బు అడిగినా పైసా పంపకు, చాట్ చెరపకు. స్క్రీన్‌షాట్లు తీసి 1930కి ఫోన్ చెయ్, లేదా cybercrime.gov.inలో రాయి. మహిళల హెల్ప్‌లైను 181. ఇచ్ఛాపురంలో అమ్మానాన్నల దగ్గర ఉండగా జరిగినా సరిహద్దు అడ్డు కాదు. జీరో ఎఫ్ఐఆర్ కింద ఏ స్టేషనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఇంట్లో తెలిస్తే ఏమంటారోనని రోజులు గడపకు, ఆ భయం మీదే వాళ్లు బతుకుతారు. ముందు మాకు చెప్పు, అమ్మతో మాట్లాడేటప్పుడు పక్కన మేము కూర్చుంటాం.