తేదీలు అడగని బిట్ పేపర్: ఫైన్ ఆర్ట్స్ ఫస్టియర్, శిల్పం-చిత్రం

పోయిన యూనిట్ టెస్టులో రామప్ప గుడి ఏ సంవత్సరం అని అడిగితే దాదాపు అందరూ 1213 అని కరెక్ట్‌గా పెట్టారు, అదే గుడి ఫోటో చూపించి ఈ నల్ల బొమ్మ గోడతో ఎందుకు కలవలేదురా అంటే ఒక్కరూ నోరు విప్పలేదు. అందుకే ఈసారి తేదీలు నేనే ఇచ్చేస్తున్నా, అవి గుర్తుపెట్టుకున్నందుకు మార్కుల్లేవు.

పేపర్‌తో పాటు నాలుగు ఫోటోల షీట్ ఉంది. ముందు ఐదు నిమిషాలు పెన్ను పక్కన పెట్టి ఫోటోలే చూడండి. ఒక్కో బిట్‌కి 5 మార్కులు: సరైన అక్షరానికి 2, అది మీకు ఫోటోలో ఎక్కడ కనపడిందో ఒక్క వాక్యంలో రాస్తే 3. అక్షరం తప్పినా చూసింది నిజమైతే ఆ 3లో మార్కులు వేస్తా.

1. అమరావతి గుండ్రటి ఫలకం, ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఎడమవైపు ఒక ఏనుగు మనుషుల మీద పడుతోంది, కుడివైపు ఒక ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది, మధ్యలో గీతేమీ లేదు. రెండు ఏనుగులు ఎందుకు?
ఎ) రెండు ఏనుగుల పోట్లాట చూపించడానికి
బి) వలయం రెండు పక్కలా బరువు సమంగా ఉండటానికి
సి) ఒకే ఏనుగు కథ మొదలూ చివరా ఒకే చోట చెప్పడానికి
డి) ఇద్దరు శిల్పులు చెరో సగం చెక్కడం వల్ల

2. అమరావతి పలక, బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఒక వైపు బోధి చెట్టు, కింద ఖాళీ ఆసనం (క్రీ.పూ. 1వ శతాబ్దం), రెండో వైపు పూర్తి స్తూపం బొమ్మ (క్రీ.శ. 3వ శతాబ్దం). ఈ పలకని స్తూపానికి అతికిస్తారు, అంటే ఒక వైపు మాత్రమే బయటికి కనిపిస్తుంది. రెండు వైపులా పనితనం పూర్తిగా ఉంది. దీన్నిబట్టి ఏం చెప్పొచ్చు?
ఎ) మొదటి వైపు శిష్యుల ప్రాక్టీసు
బి) స్తూపాన్ని మళ్లీ కట్టినప్పుడు పాత పలకని తిప్పి వాడారు
సి) రెండు వైపులా చూడటానికే చెక్కారు
డి) ఖాళీ ఆసనం అంటే బొమ్మ పూర్తి కాలేదని

3. రామప్ప గుడి. గోడలు ఎర్రటి ఇసుకరాయి, చూరు కింద మదనికలు నల్లరాయి. క్లోజప్‌లో మదనిక కాలి గజ్జెల పూసలు విడివిడిగా ఉన్నాయి, గోడ అంచులు అరిగి మెత్తబడ్డాయి. బాగా సరిపోయే కారణం ఏది?
ఎ) మదనికలు ఈమధ్య కొత్తగా పెట్టినవి
బి) రంగు తేడా కోసం మాత్రమే
సి) సన్నటి పని కావాల్సిన చోట గట్టి, ఒత్తు రాయి ఎంచుకున్నారు
డి) నల్లరాయి చవక

4. రెండు కలంకారీ బట్టలు. మొదటిదాంట్లో ప్రతి పువ్వుకీ ఎడమ రేకు మీద అదే చోట అదే చిన్న గీటు, అంచులో తీగ కలిసే చోట ప్రతిసారీ ఒక సందు. రెండోదాంట్లో ఏ రెండు పువ్వులూ ఒకేలా లేవు, గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. మొదటిది ఎలా చేశారు?
ఎ) కలంతో, అలవాటుపడ్డ చేతితో
బి) చెక్క అచ్చుతో
సి) నేతలోనే డిజైన్ వచ్చింది
డి) రంగు ముద్దగా పూసి తర్వాత గీకారు

జవాబులు, పేపర్లు తీసుకున్నాక చదివి వినిపించడానికి:

1-సి. చాలామంది బి పెడతారు, అదేమీ పిచ్చి జవాబు కాదు, వలయంలో బరువు నిజంగానే సమంగా ఉంది. కానీ బరువు కోసమే అయితే రెండు ఏనుగులూ ఒకే భంగిమలో ఉన్నా సరిపోయేది. ఎడమ పక్క జనం భయంతో చెదిరిపోతుంటే కుడి పక్క శాంతంగా ఉంది, అంటే మారింది ఏనుగు మనసు, ఇంకో ఏనుగు రాలేదు. ఎవరైనా మేడమీద కిటికీల్లోంచి చూస్తున్న ముఖాలు గమనించి రాస్తే ఫుల్ మార్కులు వేసేయండి.

2-బి. ప్రాక్టీసు అయితే ఎక్కడో ఒకచోట సగం చెక్కి వదిలేసేవాళ్లు. డి పెట్టినవాళ్లకి చెప్పండి, తొలి రోజుల్లో బుద్ధుణ్ణి మనిషి రూపంలో కాకుండా ఆసనం, పాదాలు, చక్రంతో చూపించేవాళ్లు, ఖాళీగా కనిపించేదే అసలు విషయం.

3-సి. బిలో ‘మాత్రమే’ అన్న మాటే తప్పు, రంగు తేడా అందంగానే ఉంది కానీ గజ్జెల పూసలకి అది కారణం కాదు.

4-బి. చేయి ఎంత అలవాటుపడ్డా అదే గీటు అదే చోట వంద సార్లు పడదు, అచ్చులో లోపం ఉంటే మాత్రం పడుతుంది. ఇది మచిలీపట్నం పద్ధతి, రెండోది శ్రీకాళహస్తి కలం పని. ఊరి పేరు రాయకపోయినా గీటు చూసినవాళ్లకి పూర్తి మార్కులు, గీటు చూడకుండా ఊరి పేరు రాసినవాళ్లకి 2 మాత్రమే.