సంతోష్‌కి, సింకు గురించి

ఒరే సంతోష్, నువ్వు నైట్ షిఫ్ట్ నుంచి వచ్చేసరికి నేను డ్యూటీకి పోతన్నా, మనం మొహాలు చూసుకుని నాలుగు రోజులైంది, అందుకే ఫ్రిజ్‌కి అంటించి పోతన్నాను. కోపం లేదు, ఏటీ అనుకోకు.

ఆదివారం నువ్వు వండిన చికెన్ అదిరింది, నేనే మూడుసార్లు వడ్డించుకున్నా. కానీ ఆ కుక్కర్ నిన్న బుధవారం దాకా సింకులోనే ఉంది కదరా, మూత తీస్తే ఆ వాసనకి కడుపులో తిప్పేసింది. అడుగు మాడిపోయి పీచుతో ఎంత రుద్దినా రాలేదు, వేడినీళ్ళు పోసి గంట నానబెట్టి తోమేసరికి రాత్రి పదిన్నర. తిన్నాక ఓ చెంబుడు నీళ్ళు పోసి వదిలేసినా ఈ బాధ ఉండదు. నేనూ శుద్ధపూసనేం కాదులే, టీ గిన్నెలో పొడి ఎండిపోయి ఉంటే నువ్వు రెండుసార్లు కడిగావు, చూశాను, థాంక్స్.

తెలుగులో చెప్తే నవ్వేసి వదిలేస్తావని ఒక్క లైను ఆఫీసు ఇంగ్లీషులో రాస్తన్నా: ప్లీజ్ వాష్ యువర్ ప్లేట్ బిఫోర్ యూ స్లీప్, థ్యాంక్యూ ఫర్ యువర్ కోఆపరేషన్.

ఇకనుంచి ఒకడు వండితే రెండోవాడు తోముదాం, ఎవడికివాడు తిన్న రోజు ఎవడి కంచం వాడిది. కుళాయి పొద్దున్న వస్తాది కాబట్టి బిందెలు, డ్రమ్ము నేను పడతా, ఆ టైముకి నువ్వు ఇంకా దారిలోనే ఉంటావు. చెత్త బండి మాత్రం నువ్వొచ్చాకే వస్తాది, కాబట్టి అది నీది, తడి చెత్త పొడి చెత్త కలిపేస్తే ఆ అమ్మాయి తీసుకోవట్లేదు, మొన్న కింద ఓనర్ ఆంటీ ముందే నన్ను కడిగేసింది. ఊడవడం ఆదివారం ఇద్దరం కలిసి. గ్యాస్ ఈసారి నువ్వు బుక్ చెయ్, పోయినసారి నేను కట్టాను.

అసలు తొందరేటంటే వచ్చే మంగళవారం సిరిమాను. సోమవారం తొలేళ్ళకే మా అమ్మ, పిన్ని, ఇద్దరు గుంటలు ఊరి నుంచి దిగిపోతారు, నీకు తెలుసు కదా ఆ రెండు రోజులు విజయనగరంలో చుట్టాలు లేని ఇల్లుండదు. పోయిన ఏడాది అమ్మ బ్యాగు కింద పెట్టకుండానే సింకు చూసి, ఒక్క మాట అనకుండా కొంగు దోపుకుని అన్నీ తోమేసింది. తిట్టినా బాగుణ్ణు. నాకు ఇప్పటికీ సిగ్గే. కాబట్టి ఆదివారం వంటగది మొత్తం కడిగేద్దాం, గట్టు కింద బొద్దింకల సంగతి కూడా చూద్దాం. నీకోసం అమ్మ నెత్తళ్ళు తెస్తానంది, అవి వేయించిన మూకుడు మాత్రం నువ్వే తోమాలి.

ఓకే అయితే కింద టిక్ పెట్టు, పెన్ను ఫ్రిజ్ మీదే ఉంది. కుక్కర్ రబ్బరుకి వాసన ఇంకా పోలేదు, డాబా మీద ఎండలో పెట్టాను, నిద్ర లేచాక తెచ్చి లోపల పెట్టు.

పైడిరాజు