అన్నయ్యకి, చిన్ని విషయం

అన్నయ్యా, ఆదివారం నువ్వు ఫోన్ చేసి చిన్నికి ఘట్‌కేసర్ దగ్గర కాలేజీలో సీటొచ్చిందని చెప్పినప్పుడు ఎంత సంతోషపడ్డానో, ఆ వెంటనే నాలుగేళ్ళు మీ ఇంట్లోనే ఉంచుకుంటావా అని అడిగేసరికి అంత బరువైపోయింది. ఆయనతో మాట్లాడి చెప్తా అన్నాను గానీ ఆ మాట అనకుండా ఉండాల్సింది. జవాబు నాకప్పుడే తెలుసు, నోరు రాక అలా అన్నా. నాలుగు రోజుల్నుంచి నువ్వు ఎదురుచూస్తుంటావని నిద్ర పట్టట్లేదు. ఫోన్‌లో అయితే ఏడ్చేసి మళ్ళీ సరే అనేస్తానేమో అని మెసేజ్ పెడుతున్నా. వదినకి కూడా చదివి వినిపించు.

చిన్నిని మా ఇంట్లో ఉంచుకోలేను అన్నయ్యా.

ఈ మాట నీకు చెప్పడం ఎంత కష్టమో నీకు తెలుసు. మా నాన్న పోయినప్పుడు ఆ పదకొండు రోజులూ వచ్చినవాళ్ళకి భోజనాల దగ్గర్నుంచి అన్నీ నువ్వే చూశావు, అమ్మ చేతిలో రూపాయి లేదని తెలిసి కూడా ఒక్క మాట అనలేదు. నన్ను వరసకి చెల్లెలని ఎప్పుడూ వేరుగా చూడలేదు, నీ సొంత చెల్లెలిలాగే చూశావు. చిన్నికి నేను మేనత్తని. మేనత్త ఉండగా హాస్టల్ ఏంటి అని సత్తుపల్లిలో నలుగురూ అంటారని కూడా తెలుసు. అవన్నీ తెలిసే రాస్తున్నా.

మా ఇల్లు నువ్వు చూసి మూడేళ్ళయింది. రెండు బెడ్‌రూములు, అందులో ఒకటి ఇప్పుడు పూర్తిగా అత్తమ్మది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక ఆవిడ లేవాలంటే ఒకరు పట్టుకోవాలి, పగలు ఒకావిడ వస్తుంది, రాత్రుళ్ళు రెండుసార్లు నేనే లేస్తా. ఆయనకి నైట్ షిఫ్ట్, పొద్దున ఐదింటికి వచ్చి పడుకుంటారు. మా వాడు పదో తరగతి, హాల్లో దివాన్ మీద పడుకుని అక్కడే చదువుకుంటున్నాడు, ఇంట్లో కుక్కర్ కూత పెట్టాలన్నా టైమ్ చూసుకుని పెడతా. ఇందులో చిన్నిని ఎక్కడ పడుకోబెట్టను? అత్తమ్మ గదిలో కింద పరుపు వేయాలి. పద్దెనిమిదేళ్ళ ఆడపిల్లకి తలుపు వేసుకునే గది ఒకటి ఉండొద్దా, ఇంజనీరింగ్ చదివే పిల్లకి రాత్రి పన్నెండు దాకా లైట్ ఉండొద్దా.

ఇంక దూరం. మియాపూర్, ఘట్‌కేసర్ రెండూ హైదరాబాదే కదా అనుకుంటాం గానీ ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర. మెట్రోలో అమీర్‌పేట దాకా వచ్చి అక్కడ మారి ఉప్పల్లో దిగి మళ్ళీ బస్సెక్కాలి, ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్ పనులు ఏళ్ళ తరబడి సాగుతున్నాయి, ఆ ట్రాఫిక్ మొన్న వెళ్ళినప్పుడు చూశా. కాలేజీ బస్సు గురించి కూడా కనుక్కున్నా, మా పాయింట్‌లో 6:40కి ఎక్కాలట, సాయంత్రం దిగేసరికి ఏడు దాటుతుందట. రోజుకి నాలుగు గంటలు రోడ్డు మీదే పోతే అది ఏం చదువుతుంది, ఏం తింటుంది.

ఇవన్నీ ఒకెత్తు. అసలు కారణం ఇంకోటుంది, ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు, అమ్మకి కూడా చెప్పలేదు.

నేను ఇంటర్ హన్మకొండలో చదివాను కదా, చుట్టాలింట్లో ఉండి. ఎవరింట్లోనో నీకు తెలుసు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదన్నయ్యా, ఒక్కరోజు కూడా అన్నం పెట్టలేదని అనను. కానీ రెండేళ్ళూ నేను రెండోసారి కూర అడగలేదు. వేడినీళ్ళు అందరివీ అయ్యాక మిగిలితే పోసుకునేదాన్ని, లేకపోతే చన్నీళ్ళే. నెలసరి వస్తే ఎవరికి చెప్పాలో తెలిసేది కాదు. వాళ్ళలో వాళ్ళు గొడవపడుతుంటే ఎక్కడ కూర్చోవాలో తెలియక డాబా మీదకెళ్ళి బట్టలు మడతపెట్టేదాన్ని. కాలేజీ నాలుగింటికి అయిపోయినా ఆరు దాకా వెయ్యి స్తంభాల గుడి మెట్ల మీద కూర్చుని వెళ్ళేదాన్ని, తొందరగా వెళ్తే ఎవరికి అడ్డమో అని. ఆదివారం అమ్మ ఫోన్ చేస్తే ఫోన్ హాల్లో, అందరూ అక్కడే, బాగున్నానమ్మా అని మాత్రమే అనేదాన్ని. వాళ్ళకీ భారమైంది, అది నాకు కనపడేది, వాళ్ళు దాచుకోలేకపోయారు. ఇప్పుడు పెళ్ళిళ్ళలో ఎదురుపడితే బాగున్నావా అంటే బాగున్నావా అనుకుని పక్కకి వెళ్ళిపోతాం. అప్పుడు ఆ రెండేళ్ళు లేకపోయి ఉంటే ఇప్పుడు వాళ్ళింటికి నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేదాన్ని.

రాత్రి రెండుసార్లు లేచి, పొద్దున నాలుగు బాక్సులు కట్టే నేను, ఒకరోజు చిన్ని మీద కసురుకుంటా అన్నయ్యా. తప్పకుండా కసురుకుంటా, నా సంగతి నాకు తెలుసు. మా వాణ్ని కసిరితే వాడు ఎదురుచెప్పి గంటలో మర్చిపోతాడు. అది మర్చిపోదు, నీకు చెప్పదు కూడా, బాగున్నా అంటుంది. నేను వాళ్ళతో అయినట్టు ఆ పిల్ల నాతో అవ్వకూడదు.

వదిన తిండి ఖర్చు నెలనెలా పంపిస్తాం అందట. డబ్బు గురించి అనుకుని ఉంటే నాకు చాలా బాధ వదినా, దీంట్లో డబ్బు లేదు. నీ భయం ఆడపిల్ల హాస్టల్లో ఎలా అని, ఆ భయం నాకూ ఉంది. అందుకే నిన్న ఆఫీసుకి సెలవు పెట్టి బోడుప్పల్, నారపల్లి వైపు నాలుగు లేడీస్ హాస్టళ్ళు చూసొచ్చా. రెండు నచ్చలేదు, ఒకదాంట్లో బాత్రూమ్ గడియ సరిగ్గా లేదు. మిగతా రెండూ బాగున్నాయి. ముగ్గురుండే రూమ్ భోజనంతో నెలకి 6,500, రాత్రి ఎనిమిదిన్నరకి గేటు వేస్తారు, వార్డెన్ అక్కడే ఉంటుంది. వంటగదిలోకి కూడా వెళ్ళి చూశా. కాలేజీ సొంత హాస్టల్ కూడా ఉంది గానీ అందులో మొదటి ఏడాదికి ఖాళీలు ఉన్నాయో లేదో రిపోర్టింగ్ రోజు అడుగుదాం. ఇంకోటి, అటువైపు అయితే మీకూ దగ్గర, మన సత్తుపల్లి బస్సులు ఎల్బీనగర్‌లో ఆగుతాయి, అక్కణ్నుంచి ఉప్పల్ ఎంతసేపు. ఆధార్ తెలంగాణ అడ్రస్‌దే కాబట్టి ఎక్స్‌ప్రెస్‌లోనూ మామూలు సిటీ బస్సుల్లోనూ దానికి టికెట్ డబ్బులుండవు, నెలకోసారి ఇంటికి రావచ్చు.

హాస్టల్ అడ్వాన్స్ నేను కడతా, దీనికి మాత్రం నువ్వు కాదనకు. లోకల్ గార్డియన్‌గా నా పేరు, నా నంబరు రాయించు. జ్వరమొస్తే, రూమ్మేట్‌తో పడకపోతే, అర్ధరాత్రయినా సరే నాకు ఫోన్ చేయాలి, నేను వెళ్తా. రెండో శనివారం వచ్చి ఆదివారం సాయంత్రం దాకా మా ఇంట్లో ఉండమను. ఆ ఒక్క రాత్రి నేను హాల్లో పడుకుంటా, అది మా గదిలో పడుకుంటుంది. పప్పుచారు, బంగాళదుంప వేపుడు చేసి పెడతా, తలకి నూనె రాస్తా. పరీక్షల ముందు వద్దనుకుంటే రాకపోయినా ఏమీ అనుకోను.

నీకు కోపం వస్తే తిట్టు, కొన్నాళ్ళు ఫోన్ ఎత్తకపోయినా అర్థం చేసుకుంటా. చిన్నికి మాత్రం అత్తయ్య వద్దంది అని చెప్పకు, నేనే దానితో మాట్లాడతా, హన్మకొండ సంగతి కూడా చెప్తా.

వచ్చే ఆదివారం ముగ్గురూ రండి. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ఎల్బీనగర్‌లో దిగుతారు, నేను అక్కడికే వస్తా. ఆ రెండు హాస్టళ్ళూ చిన్ని కళ్ళతో చూసుకోనీ, ఏది నచ్చితే అది. వదినా, దిండు, దుప్పటి, బకెట్ అక్కణ్నుంచి మోసుకురాకు, ఉప్పల్లో కొందాం. ఆవకాయ మాత్రం చిన్న సీసాలో దానికి ఒకటి పెట్టు. ఏ బస్సుకి బయల్దేరుతున్నారో శనివారం సాయంత్రం లోపు చెప్పండి, ఆయన కూడా వస్తా అన్నారు.