విషయం: చేత్తో చేసిన 6,000 సబ్బులకు ప్రత్యేక హోల్‌సేల్ ధర, షరతులు

అంబాజీపేట,
అక్టోబర్ 6, 2025.

శ్రీమతి మాధవి గారికి,
కొనుగోళ్ల విభాగం, హైదరాబాద్.

నమస్కారం.

సంక్రాంతి కానుక పెట్టెల కోసం నాలుగు రకాల్లో, రకానికి 1,500 చొప్పున మొత్తం 6,000 సబ్బులు కావాలని మీరు రాసిన ఉత్తరం అందింది. మాకు ఇంత పెద్ద సంఖ్య ఒకే చోటి నుంచి రావడం అరుదు. అందుకే మామూలు ధరల పట్టిక పంపకుండా, మీ ఆర్డరుకు మాత్రమే వర్తించే లెక్క వేసి రాస్తున్నాను.

ముందు ధర సంగతి. వంద సబ్బులు దాటిన కొనుగోలుకు మా మామూలు హోల్‌సేల్ ధర ఒక్కోటి రూ. 78. వట్టివేరు సబ్బు రూ. 94. మీరు 6,000 తీసుకుంటే వేప-తులసి, సున్నిపిండి, నిమ్మగడ్డి రకాలు రూ. 64కి, వట్టివేరు రూ. 79కి ఇస్తాం. మొత్తం రూ. 4,06,500 అవుతుంది. మామూలు ధరకైతే ఇదే సరుకు రూ. 4,92,000. వట్టివేరును కూడా మిగతా మూడింటి ధరకే ఇమ్మని అడిగారు. ఆ నూనె ధర తెలిసినవారెవరూ ఆ సబ్బును ఆ రేటుకి ఇవ్వలేరు. ఎవరైనా ఇస్తామంటే అందులో నిజంగా వట్టివేరు నూనె ఉందో, సెంటు ఉందో ఒకసారి అడిగి చూడండి.

మీరు ప్రస్తావించిన రూ. 45 మాత్రం మాకు సాధ్యం కాదు. మా సబ్బులో కొబ్బరి నూనెదే పెద్ద వాటా, ఆ తర్వాత తవుడు నూనె, ఆముదం. ఈ ఏడాది కొబ్బరి నూనె ధర ఎలా ఎగబాకిందో కిరాణా కొట్టులోనే కనబడుతోంది. అంబాజీపేట మార్కెట్ పక్కనే ఉన్నంత మాత్రాన మాకు చవగ్గా రాదు, తాజాగా వస్తుందంతే. కొబ్బరి నూనె తగ్గించి పామాయిల్ పెంచితే ఆ ధరకు దగ్గరగా రావచ్చు. కానీ మీరు శాంపిల్ వాడి మెచ్చుకున్న సబ్బు అది కాదు.

పన్ను దీనికి అదనం. సెప్టెంబర్ 22 నుంచి ఒంటి సబ్బు మీద జీఎస్‌టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మీరు తెలంగాణలో ఉన్నారు కాబట్టి ఐజీఎస్‌టీగా రూ. 20,325 పడుతుంది. మొత్తం బిల్లు రూ. 4,26,825. హైదరాబాద్‌లో మీ గోడౌన్ దాకా లారీ కిరాయి, ఈ-వే బిల్లు మావి. దించుకునే కూలి మీది.

ఇక తేదీలు. ధర కంటే దీని మీదే మీరు ఎక్కువ ఆలోచించాలని నా మనవి. డిసెంబర్ 1కల్లా మొత్తం సరుకు అన్నారు, అది కుదరదు. మేం చేసేది కోల్డ్ ప్రాసెస్. నూనెల్లో కాస్టిక్ నీళ్లు కలిపి అచ్చుల్లో పోశాక మర్నాడే కోసేయవచ్చు, ఆ రోజే చూడటానికి సబ్బులాగే ఉంటుంది. కానీ ఆరు వారాలు అరల్లో గాలికి ఆరితేనే లోపలి నీరు పోయి గట్టిపడుతుంది. ఆరని సబ్బు స్నానాల గదిలో వారం తిరిగేసరికి జిగురు ముద్దవుతుంది. ఆ తిట్లు మాకంటే ముందు మీ కౌంటర్‌కే వస్తాయి. పైగా అక్టోబర్, నవంబర్‌లో కోనసీమ గాలిలో తేమ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఫ్యాన్లు పెట్టినా ఆరు వారాల్లో ఒక్క రోజు తగ్గించం.

అందుకని రెండు విడతలుగా ఇస్తాం. వేప-తులసి 1,500, సున్నిపిండి 1,500 ఈ నెలాఖరుకు పోసి, డిసెంబర్ 15న లారీ ఎక్కిస్తాం. వట్టివేరు, నిమ్మగడ్డి నవంబర్ 18లోగా పోసి, జనవరి 3న పంపుతాం. నిమ్మగడ్డి వాసన మిగతావాటి కంటే త్వరగా పలచబడుతుంది కాబట్టి దాన్ని కావాలనే రెండో విడతలో పెట్టాను. మొదటి విడతతో మీరు పెట్టెలు సర్దడం మొదలుపెట్టవచ్చు, రెండో విడత అందాక పండక్కి వారం పైగానే మిగులుతుంది.

బరువు గురించి కూడా అడిగారు. కోసేటప్పుడు 112 గ్రాములకు తగ్గకుండా కోస్తాం, ఆరాక 100 గ్రాములకు పైనే నిలుస్తుంది. రేపర్ మీద వేసేది 100 గ్రాములు. సున్నిపిండి సబ్బులో పసుపు ఉంటుంది. కాస్టిక్ తగలగానే అది ఎర్రబడి, ఆరేకొద్దీ లేత రంగుకు తిరుగుతుంది. కాబట్టి పోతకూ పోతకూ రంగులో కాస్త తేడా కనిపిస్తుంది. దాన్ని లోపంగా లెక్కపెట్టకూడదని ముందే ఒప్పుకోవాలి.

మీ దుకాణం పేరుతో రేపర్ వేయడానికి అభ్యంతరం లేదు. డిజైన్ మీరు పంపితే ముద్రణ ఖర్చు పై ధరలోనే కలిసింది. అయితే తయారీదారుగా మా చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, పదార్థాల జాబితా, తయారీ తేదీ, ఎంఆర్‌పీ తప్పకుండా ఉండాలి. మీరు పంపిన ముసాయిదాలో రెండు మాటలు తీసేయమని కోరుతున్నాను. ఒకటి, వేప సబ్బు మీద ‘చర్మ వ్యాధులు నయమవుతాయి’ అన్నది. అలా రాస్తే సౌందర్య సామగ్రి లైసెన్సు కింద చేసే సబ్బును మందుగా అమ్ముతున్నట్టే. రెండోది ‘కెమికల్ లేనిది’ అన్నది. కాస్టిక్ లేకుండా సబ్బే లేదు. పూర్తయిన సబ్బులో అది మిగలకుండా నూనె కొంచెం ఎక్కువ వేస్తాం, అంతే. ‘చేత్తో చేసింది, కృత్రిమ రంగు కలపనిది’ అని రాసుకోండి. అది నిజం, పైగా ఎవరూ వేలెత్తి చూపలేరు.

చెల్లింపు విషయంలో మీరు 60 రోజుల అరువు అడిగారు. మాది ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ సంస్థ. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటడానికి ఎంఎస్‌ఎంఈ చట్టం ఒప్పుకోదు. ఆ గడువు దాటించిన బాకీని చెల్లించే దాకా ఆదాయపన్ను లెక్కలో ఖర్చుగా చూపుకునే వీలు మీకూ ఉండదు, మీ ఆడిటర్‌ గారిని అడిగితే చెబుతారు. కనుక ఇలా చేద్దాం: ఆర్డరుతో పాటు రూ. 1,70,000, మొదటి విడత లారీ ఎక్కిన రోజు రూ. 1,28,000, మిగిలిన రూ. 1,28,825 రెండో విడత అందిన 30 రోజుల్లో. అడ్వాన్సు మొత్తం నూనెలకే పోతుంది. అది అందితేనే ఈ ధరకు కట్టుబడి ఉండగలం.

దారిలో విరిగినవి, తడిసినవి ఉంటే సరుకు దిగిన వారంలోగా ఫోటోలు పంపండి, అన్నీ మార్చి ఇస్తాం. అమ్ముడుపోనివి మాత్రం వెనక్కి తీసుకోం. పెట్టెలు సర్దే దాకా సబ్బుల్ని ప్లాస్టిక్ సంచుల్లో బిగించి పెట్టవద్దని మీ గోడౌన్ వాళ్లకు చెప్పండి, చెమ్మ పడతాయి.

ఈ ఆర్డరు పూర్తయ్యాక మార్చి 31లోగా మళ్లీ 1,000కి తగ్గకుండా ఎప్పుడు తీసుకున్నా ఇవే ధరలు. అలాగే ఈ సంక్రాంతికి హైదరాబాద్‌లో మరే దుకాణానికీ కానుక పెట్టెల కోసం సబ్బులు ఇవ్వం.

ఒక చిన్న పార్సెల్ విడిగా పంపాను. అందులో ఆరు వారాలు ఆరిన సబ్బు ఒకటి, పోయిన వారమే కోసింది ఒకటి ఉన్నాయి. రెండో దాన్ని వాడకండి, వేలితో నొక్కి చూడండి చాలు.

అక్టోబర్ 13, సోమవారంలోగా ఆర్డరు ఖాయం చేసి అడ్వాన్సు పంపితే 15న పోత మొదలుపెడతాం. ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజూ రెండు విడతల తేదీలూ అంతే వెనక్కి జరుగుతాయి. రేపర్ డిజైన్ నవంబర్ చివరికి అందినా చాలు.

ఇట్లు,
మీ
సత్యవతి
చేతి సబ్బుల తయారీ కేంద్రం,
అంబాజీపేట, కోనసీమ జిల్లా.