రెండు రంధ్రాలు

సాంబశివరావు గారు బ్యాంకులో పనిచేసినంత కాలం కౌంటరు అవతల నిలబడ్డవాళ్ళ మొహాలకన్నా, వాళ్ళు లోపలికి తోసిన నోట్ల నంబర్లనే ఎక్కువగా చూశారు. ఆరు అంకెలూ ఏడులైన నోటు, ఎటునుంచి చదివినా ఒకే సంఖ్య వచ్చే నోటు, ఒకటి నుంచి ఆరు దాకా వరసగా పేర్చినట్టున్న నోటు, అచ్చు ఒక పక్కకు జరిగిన నోటు కంటబడితే, సాయంత్రం నగదు సరిచూసి పెట్టె మూసేలోగా మేనేజరుకు చెప్పి, అంతే విలువగల తన సొంత నోటు అందులో పెట్టి, దాన్ని ఇంటికి తెచ్చుకునేవారు. వాటికి తోడు చిన్నతనంనుంచి కూడబెట్టిన తపాలా బిళ్ళలు, నాణేలు కలిసి ఒక బీరువాను పూర్తిగా ఆక్రమించుకున్నాయి. ఉద్యోగ విరమణ తరవాత చూపు మందగించి, భూతద్దం పెట్టుకున్నా బిళ్ళ అంచున రెండు సెంటీమీటర్లకు ఎన్ని చిల్లులున్నాయో లెక్క తప్పిపోతూండటంతో, విలువ తెలిసినవారి చేతుల్లోకి వీటిని తానుండగానే చేర్చాలని నిశ్చయించుకున్నారు. పిల్లలకు వీటిమీద ఆసక్తి లేదు. లేనందుకు ఆయనకు కోపమూ లేదు.

అమ్మకానికి ఆయన మొదట పెట్టింది 374473 నంబరు నోటు. ఫోనులో ఖాతా తెరవడం, చిరునామా నమోదు చేయడం వంటివి ఆయనకేమీ కష్టం కాలేదు. జీవితమంతా ఇతరులచేత దరఖాస్తులు నింపించినవారికి తన దరఖాస్తు నింపుకోవడం ఒక లెక్క కాదు. కష్టమల్లా వివరణ దగ్గర వచ్చింది. బాగా ఆలోచించి, "పాత నోటు ఒకటి. స్థితి సంతృప్తికరం. ఆసక్తి గలవారు సంప్రదించగలరు" అని రాశారు. రోజులు గడిచాయి గానీ ఎవరూ సంప్రదించలేదు.

సావిత్రమ్మ గారు ఆ ప్రకటనను చదివి ఫోను తిరిగి ఆయన చేతిలో పెట్టారు. "ఇది అమ్మకానికి పెట్టినట్టు లేదండీ, బాకీ తీర్చనివాడి సామాను వేలానికి నోటీసు వేసినట్టుంది."

"ఉన్న విషయమే రాశానుగా."

"ఏం రాశారు? కావలసినవాడు వెతికేటప్పుడు 'పాత నోటు' అని కొడతాడా? అతనికి కావలసింది నంబరు. ఆ నంబరు పేరులోనే లేదు, ఫోటోలో చూద్దామంటే దాని మీద మెరుపు పడింది."

ఇంట్లోకి ఏది కావాలన్నా చాలా ఏళ్ళుగా ఫోనులో కొంటున్నది ఆవిడే. ఏ వస్తువు చూసినా ముందు దానిమీద వచ్చిన ఫిర్యాదులు చదివి, ఆ తరవాతే పొగడ్తల జోలికి వెళ్ళే అలవాటు ఆవిడది. అందువల్ల అమ్మేవాడి పాఠాన్ని సాంబశివరావు గారు కొనేవారి దగ్గర నేర్చుకోవలసి వచ్చింది. అది మంచిదే అయింది, ఎందుకంటే ఆయన ఒక్కరే కూర్చుంటే నోటు గొప్పతనం గురించి రెండు పేజీలు రాసి, అడిగినవాడికి కావలసిన ముక్క ఒక్కటీ రాయకపోయేవారేమో.

ఫోటోలకు బల్లను కిటికీ దగ్గరకు జరిపారు. ఎండ నేరుగా పడకుండా వెలుతురు మాత్రమే వచ్చే వేళ చూసుకుని, మెత్తటి ప్లాస్టిక్ కవరులోంచి నోటును పట్టకారుతో బయటకు తీసి బూడిదరంగు కాగితంమీద పరిచారు. ఫోను చేత్తో పట్టుకుంటే కాస్త వంగినా నోటు ఒక పక్క వెడల్పుగా, మరో పక్క సన్నగా కనిపిస్తోందని, రెండు దొంతర్ల పుస్తకాలమీద దాన్ని బల్లకు సమాంతరంగా ఆనించారు. నొక్కినప్పుడు కదలకుండా టైమరు పెట్టారు. ముందువైపు, వెనకవైపు, నాలుగు మూలలు, నంబరు, ఆపైన వెలుతురుకు అడ్డంగా పట్టి ఒకటి తీయాలన్నారు సావిత్రమ్మ గారు.

ఆ చివరి ఫోటో దగ్గర సాంబశివరావు గారి చెయ్యి ఆగింది. వెలుతురుకు పట్టిన నోటులో, ఎడమ అంచుకు వేలెడు దూరంలో, రెండు సన్నని రంధ్రాలు సూదిమొనల్లా వెలిగాయి. ఆ రోజుల్లో నోట్ల కట్టలకు పిన్నులు కొట్టేవారు. వాటిని తొలగించి, లెక్కపెట్టి, మళ్ళీ కొట్టడం క్యాషియరు దినచర్య. ఈ రంధ్రాలు వేరే శాఖలో పడ్డవే కావచ్చు, తన చేతిమీదుగా పడ్డవే కావచ్చు.

"ఆ ఫోటో పెట్టకపోతే ఏం?" అన్నారు ఆయన.

"మీ ఇష్టం. నేనైతే ఆ ఫోటో లేనివాడి దగ్గర కొనను. ఈబేలో మొట్టమొదట అమ్ముడుపోయింది ఏమిటో తెలుసా? 1995లో, చెడిపోయిన లేజర్ పాయింటరు. అది చెడిపోయిందని మీకు తెలుసు కదా అని అమ్మినాయన అడిగితే, చెడిపోయినవే పోగుచేస్తానన్నాడట కొన్నాయన."

"ఇది మాత్రం చెడిపోయిన నోటు కాదు," అన్నారు సాంబశివరావు గారు కొంచెం నొచ్చుకుని. అయినా ఆ ఫోటో పెట్టారు. "సంతృప్తికరం" అన్న మాట తీసేయడం ఆయనకు మరింత కష్టమైంది. విలియం షెల్డన్ నాణేలకోసం 1949లో రూపొందించిన, ఒకటి నుంచి డెబ్బై వరకు ఉన్న కొలమానాన్ని తరవాత నోట్లకూ అన్వయిస్తున్నారని, ఒక్క మడత పడినా ఆ నోటు వాడకంలోకి రాని కొత్త నోట్ల తరగతిలోకి చేరదని చదివాక, తాను ఇంతకాలం కొత్తవనుకున్న వాటిలో చాలా వాటిని మనసులోనే కింది తరగతికి దించుకున్నారు. కొత్త వివరణ ఇలా వచ్చింది: "నంబరు 374473, ఎటునుంచి చదివినా ఒకటే. మధ్యలో ఒక నిలువు మడత. ఎడమవైపు రెండు పిన్ను రంధ్రాలు, ఆఖరి ఫోటో చూడండి. చిరుగు లేదు, రాత లేదు, కడగలేదు, ఇస్త్రీ చేయలేదు."

ధర నిర్ణయించడం మరో చదువు. అలాంటి నోట్లకు మిగతావారు అడుగుతున్న ధరలు చూసి ఆయన ఒక పూట కలలు కన్నారు. చూడవలసింది అడిగిన ధరలు కావని, అమ్ముడైపోయిన వాటి ధరలు విడిగా చూపించమని కోరవచ్చని సావిత్రమ్మ గారు మీట చూపించాక, ఆ కలలు నాలుగో వంతుకు దిగాయి. అన్నిటికన్నా పెద్ద దెబ్బ తపాలా బిళ్ళల దగ్గర తగిలింది. పక్షులు, రాకెట్లు, ఒలింపిక్ క్రీడలు బొమ్మలుగా ఉన్న రంగురంగుల బిళ్ళల ఆల్బములు ఆయన బాల్యపు సంపద. ఆ బిళ్ళలమీద ముద్ర ప్రతి దానికీ ఒకే మూలన, కొలిచినట్టు పడి ఉంది. వెనక జిగురు చెక్కుచెదరలేదు. ఉత్తరాలమీద ఒక్కరోజూ ప్రయాణం చేయకుండా, సేకర్తలకు చవకగా అమ్మడానికని అచ్చాఫీసులోనే షీట్లకు షీట్లు ముద్ర కొట్టించిన రకం అది. వాటిని కొనేవారు లేరని కాదు, తూకానికి కొనేవారున్నారు. ఆయన ఆ ఆల్బములను మూసి తిరిగి బీరువాలో పెట్టి, అవి అమ్మకానికి కావని ప్రకటించారు.

నాణేల వంతు వచ్చినప్పుడు మాత్రం ఆయన మాటే నెగ్గింది. నల్లబడ్డ వెండి నాణెం ఒకదాన్ని సావిత్రమ్మ గారు తోమడానికి తీసుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. తోమితే పోయేది మురికి ఒక్కటే కాదని, ఏళ్ళ తరబడి ఏర్పడిన పై పొరతోపాటు అచ్చులోని సన్నని గీతలూ అరిగిపోతాయని, తోమిన నాణేన్ని తెలిసినవాడు చూసీ చూడగానే పక్కన పెడతాడని చెప్పారు. "అయితే ఇది ఇలాగే మసిగా ఉంటే ఎక్కువ ఇస్తారా?" అని ఆవిడ ఆశ్చర్యపోయారు. ఇస్తారు.

నోటుకు మొదట వచ్చిన బేరం మెరుపువేగంతో వచ్చింది. ధర తగ్గించమనలేదు, ఫోటోలు అడగలేదు, ఒక్క ప్రశ్న వేయలేదు. డబ్బు వెంటనే పంపిస్తున్నాననీ, తాను పంపే క్యూఆర్ కోడును స్కాన్ చేసి రహస్య సంఖ్య నొక్కితే జమ అవుతుందనీ రాశాడు ఆ మనిషి. త్వరపడమని రెండుసార్లు గుర్తు చేశాడు కూడా. ఫోను గురించి తెలియని చాలా సంగతులు ఉండవచ్చు గానీ, ఇది సాంబశివరావు గారికి తెలియని సంగతి కాదు.

"ఖాతాలో డబ్బు వేయడానికి ఎవరైనా వస్తే ఖాతాదారు సంతకం ఏనాడైనా అడిగామా? సంతకం కావలసింది తీసేటప్పుడు. ఈ రహస్య సంఖ్య నా సంతకం. వీడు వేయడానికి వచ్చినవాడు కాదు," అని సావిత్రమ్మ గారికి చెప్పి, ఆ మనిషిని అడ్డుకునే మీట ఎక్కడుందో అడిగి నొక్కారు.

రెండోసారి వచ్చిన మనిషి దానికి పూర్తిగా భిన్నం. మడత దగ్గర సిరా ఊడిందా, కాగితం పెళుసుగా ఉందా మెత్తబడిందా, కవరు ఏ రకం ప్లాస్టిక్కు అని వరసగా ప్రశ్నలు వేసి, కొంత బేరమాడి, సైటు ద్వారానే డబ్బు చెల్లించాడు. సాంబశివరావు గారు నోటును కొత్త గట్టి కవరులో పెట్టి, దానికన్నా పెద్దవైన రెండు అట్టల మధ్య ఉంచి, టేపు కవరుకు తగలకుండా అట్టలకు మాత్రమే అంటించి, తడి తగలని సంచిలో చుట్టారు. మూసేముందు ఒక ఫోటో తీసుకుని, రసీదు నంబరును పుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకున్నారు.

వారం తిరిగేసరికి ఆ మనిషి నుంచి జవాబు వచ్చింది. "నోటు భద్రంగా చేరింది. మీరు రెండు రంధ్రాలన్నారు, నాకు మూడు కనబడుతున్నాయి."

"వాడే పొడిచి ఉంటాడండీ, ధర తగ్గించుకోవడానికి," అన్నారు సావిత్రమ్మ గారు.

సాంబశివరావు గారు ఆ మాటకు బదులివ్వకుండా, వెలుతురుకు పట్టి తీసిన ఫోటో తెరిచి పెద్దది చేశారు. రెండు రంధ్రాలకు కాస్త కింద, ముదురు రంగు అల్లిక మధ్యలో, గీతలో గీతగా కలిసిపోయి ఒక తెల్లచుక్క ఉంది. పిన్ను తీసి మళ్ళీ కొట్టినప్పుడు ఒక కాలు పాత రంధ్రంలోనే దిగి, రెండోది కొత్త చోట పడి ఉంటుంది. ఆ ఫోటో ఆయన తీసిందే. చుక్క మొదటినుంచీ అందులో ఉంది.

నోటు తిరిగి పంపితే డబ్బంతా ఇచ్చేస్తాననీ, ఉంచుకుంటే కొంత తగ్గిస్తాననీ రాశారు. అవతలి మనిషి ఉంచుకుంటానన్నాడు, ఎంత తగ్గించాలన్నదానిమీద మళ్ళీ బేరమాడాడు. కౌంటరులో నగదు తక్కువ వస్తే సాయంత్రంలోగా జేబులోంచి పూడ్చిన రోజుల్లో లాగానే, సాంబశివరావు గారు ఆ మొత్తాన్ని పుస్తకంలో "తేడా" అన్న గడిలో వేసుకున్నారు. అభిప్రాయం రాసే చోట ఆ మనిషి, "వివరణలో ఒక రంధ్రం తగ్గింది, అడగగానే ఒప్పుకున్నారు" అని రాసి అయిదు నక్షత్రాలకు నాలుగు ఇచ్చాడు. పోయిన ఆ ఒక్క నక్షత్రం గురించి సావిత్రమ్మ గారు ఇద్దరినీ తిట్టారు.

మర్నాడు ఆయన అమ్మకానికి పెట్టిన మిగతా నోట్లన్నింటినీ సైటులోంచి తాత్కాలికంగా తీసేసి, పట్టకారూ పుస్తకమూ కిటికీ దగ్గరకు తెచ్చుకున్నారు.

"మీరు లెక్కపెట్టినవే కదండీ ఇవన్నీ?"

"అందుకే. లెక్కపెట్టినవాడే సరిచూడకూడదు, అది బ్యాంకు నియమం. నోటు నువ్వు పట్టుకో, ఎన్నో చెప్పు. నేను రాసుకుంటాను."

సావిత్రమ్మ గారు కళ్ళజోడు సవరించుకుని మొదటి నోటును వెలుతురుకు పట్టి, "నాలుగు," అన్నారు.

పుస్తకంలో రెండని ఉంది. సాంబశివరావు గారు దాన్ని కొట్టేసి, పక్కన నాలుగు వేసి, పొట్టి సంతకం పెట్టారు. "తరవాతది," అన్నారు.