కాంబోలు, గిఫ్ట్ బాక్సులు

ఆవకాయ, మాగాయ, గోంగూర: 3 సీసాలు, 250 గ్రా. చొప్పున

మొదటి ముద్ద జత: కందిపొడి 200 గ్రా. + ఆవు నెయ్యి 200 మి.లీ.
(వేడన్నం మీదే!)

ఇడ్లీ కారప్పొడి + కరివేపాకు పొడి, 100 గ్రా. చొప్పున

ఆత్రేయపురం పూతరేకులు గిఫ్ట్ బాక్స్: బెల్లం 5, పంచదార 5
రేకు పలచన, పెట్టె తలకిందులు చేస్తే పొడే మిగులుతుంది.

సంక్రాంతి పెట్టె: నువ్వుల అరిసెలు 10, సున్నుండలు 10, జంతికలు అరకిలో
అల్లుడికి చాలదంటే రెండు పెట్టెలు తీసుకోండి.

హాస్టల్ ప్యాక్: టమాటా పచ్చడి, నల్లకారం, చేగోడీలు, 250 గ్రా. చొప్పున
వెల్లుల్లి వద్దంటే కింది ప్యాక్ చూడండి.

హాస్టల్ ప్యాక్, వెల్లుల్లి లేకుండా: టమాటా పచ్చడి, కందిపొడి, చేగోడీలు, 250 గ్రా. చొప్పున

సీమంతం సారె: చలిమిడి అరకిలో, మినప సున్నుండలు 21, గాజులు 2 డజన్లు
గాజుల సైజు ఆర్డర్‌లో రాయండి.