పెన్నకు నీళ్లు

పుట్టినరోజు రాత్రి టీవీలో ఏ సినిమా పెట్టాలో పుట్టినరోజు పిల్లలే చెప్పాలి. పెద్దలు ఎదురు మాట్లాడకూడదు, మధ్యలో లేచిపోకూడదు. ఇది మా ఇంటి కట్టుబాటు. పోయిన ఏడాది జాను సింహంపిల్ల బొమ్మల సినిమా పెట్టించింది. అంతకు ముందేడూ అదే. అందుకే ఈసారి ఓళిగలు తిని చేతులు కడుక్కొని వచ్చేసరికే మా తమ్ముడు ఆ సింహాన్ని వెతికి పెట్టేశాడు.

"అది వద్దు చిన్నాయనా. అవ్వ సినిమా పెట్టు."

"అవ్వ సినిమా ఏందే?"

"పాతాళభైరవి!"

మా తమ్ముని కొడుకు చరణ్ గోడకు జారగిలబడిపోయాడు. రంగులు లేవు, పైగా మూడు గంటల పైనే. ఎనిమిదేళ్ల పిల్ల నోట ఆ పేరు విని మేమంతా మొహాలు చూసుకున్నాం. అమ్మ మురిసిపోతుందనుకుంటే, "వద్దులేమ్మా, సింహమే పెట్టించుకో" అని గొణిగింది.

జానుకు ఆ కథ కంఠతా వచ్చు. రెండేళ్లుగా రాత్రిళ్లు పక్కలో చేరి వింటున్నదే. "మా తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి తీసినాడు" అని అమ్మ మొదలుపెడుతుంది, తమ సొంత చిన్నాయన తీసినట్టు. సినిమా వచ్చింది 1951లో. అమ్మ చూసింది ఎప్పుడో తర్వాత, ఊరికొచ్చిన డేరా సినిమాలో. మంత్రగాడు రాముణ్ణి బలివ్వాలని పాతాళానికి తీసుకుపోతే, రాముడే వాణ్ణి బలిచ్చి భైరవి బొమ్మ సంపాదిస్తాడు. ఆ బొమ్మను చంకన పెట్టుకొని రాముడు నేరుగా తాడిపత్రి వస్తాడు. బుగ్గ రామలింగేశ్వరుని గుడి వెనక పెన్నలో ఇసకే తప్ప చుక్క నీరు లేదు. రాముడు అడుగుతాడు, భైరవి ఇస్తుంది. నీళ్లు గుడి మెట్లదాకా వస్తాయి. ఎడ్లు తాగుతాయి, సెనిక్కాయ చేలు పచ్చబడతాయి. జాను అక్కడ నిద్రపోతుంది.

సినిమా మొదలైంది. ఎస్వీ రంగారావు కళ్లు తిప్పుతుంటే చరణ్ నెమ్మదిగా గోడ వదిలి ముందుకు జరిగాడు. మా ఆవిడ దోసెపిండి సంగతే మరిచిపోయింది. మంత్రగాడు బలైపోయాడు. జాను లేచి నిలబడింది.

"చూడండి, ఇప్పుడు తాడిపత్రి వస్తాది!"

రాలేదు. శిష్యుడొచ్చి మంత్రగాణ్ణి బతికించాడు.

"సచ్చినోడు ఎట్ల లేస్చాడే?" అని అరిచింది ఎవరో కాదు, అమ్మ. చేతిలో నమలబోయిన వక్క అట్లే ఉంది.

మా తమ్ముడు సినిమా ఆపాడు. "అమ్మా, నువ్వు చూల్లేదా?"

కాసేపు పలకలేదు. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంది. "ఒక్కటే మిషను గదా, రీలు మార్చినప్పుడల్లా లైట్లేస్తాండ్రి. వాని తల తెగినంక లైట్లేసినారు. అయిపోయిందనుకొని మా నాయన లేపుకొచ్చేసినాడు. తెల్లారి సెనిక్కాయ పీకాల. పొద్దున ఎవురన్నా మిగతాది చెప్పబోతే, నాకు తెలుసులే అంటాంటి."

"తర్వాత టీవీలో ఎన్నిసార్లొచ్చె?"

"మీ ముగ్గురికీ సంగటి కెలకల్ల గదా. కూచోని సూసేకి నాకు యాడ తీరింది నాయనా?"

ఇక మేమెవరం మాట్లాడలేదు. జాను ఒక్కతే అవ్వ మోకాలి మీద చెయ్యేసి, "పెట్టు చిన్నాయనా. అవ్వ చూడాల" అంది.

మిగతా సినిమా మేం టీవీలో కంటే అమ్మ మొహంలోనే ఎక్కువ చూశాం. బొమ్మ చేయి మారినప్పుడు తొడ మీద కొట్టుకుంది. మాయలోడు గడ్డం పోగొట్టుకుంటే పైట అడ్డం పెట్టుకొని నవ్వింది. అయిపోయేసరికి పన్నెండు దాటింది. చరణ్ నిద్రపోలేదు.

దీపం ఆర్పాక పక్కగదిలోంచి జాను గొంతు వినిపించింది.

"అవ్వా, టీవీలో పెన్నకు నీళ్లే రాలేదు."

"రాలేదు మేయ్."

"నీ కథే చెప్పు."

"చెప్తా. అయితే ఇప్పుడు ఆ గడ్డం లేనోడు కూడా ఉండాడు గదా, వాణ్ణేం జేద్దాం?"

జాను ఆలోచించింది.

"చెరువులో పూడిక తీయిద్దాం."

"తట్ట ఎత్తేది ఎవురు?"

"శిష్యుడు."